మోత ఉంది, గాలి లేదు

మొన్న బ్యాంకులో పాస్‌బుక్కు పట్టుకుని నిలబడ్డాను. బల్ల మీద ఆఫీసరు అబ్బాయి లాప్‌టాప్ గుర్రుమంటోంది. నా అరచెయ్యి దానంతట అదే వెళ్ళి, దాని పక్కనున్న చీలికల దగ్గర ఆగింది. వెచ్చటి గాలి వేళ్ళకి తగిలింది.

"ఏంటమ్మా?" అన్నాడు ఆ అబ్బాయి.

"ఏం లేదు బాబూ, బాగానే ఉంది," అని చెయ్యి తీసేసుకున్నాను.

ఈ అలవాటు నాకు ఒక పిల్ల అంటించి వెళ్ళింది. పేరు చెప్పను. ఇప్పుడు పెళ్ళయి, పిల్లలతో, పెద్ద ఉద్యోగంలో ఉన్న మనిషి. నేను తలుచుకుని నవ్వుకునే విషయాలు తన ఆఫీసు వాళ్ళు కూడా నవ్వుకోవాలని లేదు కదా.

అప్పట్లో కాకినాడలో మా మేడ మీద గదులు ఇంజనీరింగ్ చదివే ఆడపిల్లలకి ఇచ్చేవాళ్ళం. వంట నాది, గేటు తాళం మా వారిది. బయట బోర్డు లేదు కానీ ఆ వీధిలో అందరూ దాన్ని హాస్టలనే అనేవారు. పిల్లలందరూ నన్ను ఆంటీ అంటే, ఈ పిల్ల ఒక్కతే పిన్నిగారూ అనేది. నరసాపురం అవతల లంక గ్రామం వాళ్ళది. ఏం చెప్పినా ముందు "ఆయ్" అని, ఆ తరవాతే జవాబు. అన్నం పెట్టనా అంటే ఆయ్, వద్దండి. మిగతా పిల్లలు దాన్ని ఏడిపించడానికి కిటికీలోంచి "ఆయ్" అని అరిచేవారు. అదీ అంతే మర్యాదగా "ఆయ్" అని పలికేది.

వాళ్ళ వైపు ఆడవాళ్ళు లేసు అల్లుతారు. ఈ పిల్లకీ చిన్నప్పుడే పట్టుబడింది. జడలో ఎప్పుడూ కొక్కెం సూది ఒకటి గుచ్చి ఉండేది. ఆలోచన వస్తే చాలు, సూది తీసేది, దారం ఉండ ఒళ్ళో పెట్టుకునేది. దాని కంటికి ఏ వస్తువూ బోసిగా కనిపించకూడదు. మంచినీళ్ళ సీసాకి లేసు తొడుగు. నా ఉప్పు డబ్బా మూతకి లేసు. టీవీ రిమోటుకి లేసు. ఒకరోజు మా వారు కళ్ళజోడు పెట్టె వెతుక్కుని వెతుక్కుని, చివరికి తెల్ల పూలు అల్లిన సంచీ ఒకటి తెరిచి అందులో పట్టుకున్నారు.

"ఏమ్మా, రేపు నాకూ తొడుగుతావా?" అన్నారాయన.

"ఆయ్, మీకు కొలతలు కావాలండి బాబాయిగారూ," అంది. ఆయన వారం రోజులు అందరికీ చెప్పుకుని నవ్వారు.

ఇంకో సంగతి. ఏదైనా పనిచెయ్యకపోతే పాడైంది అనేది కాదు. అలిగింది అనేది. ఒకసారి మినప్పప్పు రుబ్బుతుంటే నా మిక్సీ ఆగిపోయింది. కొత్తది కొనాలేమోనని నేను తల పట్టుకుంటే, ఈ పిల్ల వచ్చి దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఏం రుబ్బుతుంటే అలిగిందండి?"

"పప్పే. గట్టిగా ఉంది."

"నీళ్ళు పోశారాండి?"

"పొయ్యలేదు. గారెల పిండి కదా."

"ఎంతసేపు ఆపకుండా తిప్పారండి?"

పోలీసులు కూడా అన్ని ప్రశ్నలు వెయ్యరు. అంతా విని, మిక్సీని పక్కకి వంచి, అడుగున ఎర్ర బొత్తాం ఒకటి నొక్కింది. బరువు ఎక్కువైతే మోటారు కాలిపోకుండా ఆ బొత్తామే పైకి లేచి కరెంటు ఆపేస్తుందట. కాసేపు చల్లారనిచ్చి వేస్తే మామూలుగా తిరిగింది. ఎప్పుడు అలిగిందో, ఏం చేస్తుంటే అలిగిందో ముందు అడగాలి, విప్పడం తరవాత. ఇది ఆ పిల్ల పద్ధతి.

అలాంటి పిల్లకి ఆఖరి సంవత్సరంలో తన లాప్‌టాపే అలిగింది.

అది వాళ్ళన్నయ్య కొన్నాళ్ళు వాడి ఇచ్చినది. నల్లగా, బరువుగా, పీటంత ఉండేది. అది బోసిగా ఉంటే ఊరుకుంటుందా? దానికీ ఒక తొడుగు అల్లింది. మామూలు తొడుగు కాదు, పైన మూతకి ఒకటి, చుట్టూ అంచుకి ఒకటి. దుమ్ము పడకూడదని దాని ఉద్దేశం. పెట్టుకునేది పరుపు మీద. బూరుగు దూది పరుపు, వాళ్ళమ్మ కుట్టించి పంపినది. పరుపు మీద లాప్‌టాపు, చుట్టూ లేసు, పక్కన దారం ఉండ. చూడటానికి పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు ఉండేది ఆ యంత్రం.

ఆ పిల్ల చేస్తున్న ప్రాజెక్టు రొయ్యల చెరువుల్లో తిరిగే చక్రం గురించి. నీళ్ళని చిమ్మి గాలి కలుపుతుందే, ఏరేటరు అంటారు, దాని రెక్కని పట్టుకునే ఇనప చెయ్యి. దాన్ని బొమ్మగా కంప్యూటర్లో గీసి, చిన్న చిన్న గళ్ళుగా చీల్చి, నీళ్ళు ఇంత బలంగా కొడితే ఏ గడి మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్క కట్టించాలి. ఆ లెక్క మొదలుపెడితే పూటకి పూట నడుస్తుంది. మధ్యలో ఆగితే సగం ఫలితం ఇవ్వదు, మళ్ళీ మొదటినుంచే. కాలేజీ లాబ్‌లో చేద్దామంటే సాయంత్రం అన్నీ ఆపేసి తాళం వేస్తారు. అదే గదిలో ఉండే సుజాతకీ లాప్‌టాప్ ఉంది కానీ, చిన్నది, ఆ లెక్క దాంట్లో ఎక్కదు.

ఫలితం లేకుండా రిపోర్టు మీద సంతకం పెట్టనని వాళ్ళ సారు చెప్పేశారు. శుక్రవారం సాయంత్రం ఆఖరు. సంతకం లేకపోతే పరీక్షకి పిలవరు, మళ్ళీ ఆరునెలల తరవాతే. పుణేలో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తానంది, డిగ్రీ చేతికొస్తేనే. అంతా ఆ ఒక్క లెక్క మీద ఆగి ఉంది.

ఇక్కడేమో లెక్క మొదలుపెట్టిన కాసేపటికే లాప్‌టాప్ టప్పున ఆరిపోతోంది. ఆపుతున్నాను అనదు, దాచుకో అనదు. దీపం ఆర్పినట్టు ఆరిపోవడమే.

ఇంట్లో తలా ఒక మాట. మా వారు వోల్టేజీ అన్నారు. వీధిలో లైట్లు ఎలా మినుకుమంటున్నాయో చూడమన్నారు.

"ఆయ్, కరెంటు పోయినా దీంట్లో బ్యాటరీ ఉందండి. దాని మీద నడవాలి కదండి," అంది ఆ పిల్ల.

సుజాతది తుని. చురుకైన పిల్ల, నోటికి అడ్డం లేదు. "వైరస్ అయ్యుంటుందే. పెన్‌డ్రైవ్ కనబడితే చాలు, గుచ్చేస్తావు," అంది. సరేనని ఇద్దరూ కలిసి, ప్రాజెక్టు బొమ్మని సుజాత దాంట్లో దాచి, ఉన్నదంతా తుడిచేసి విండోసు కొత్తగా ఎక్కించడం మొదలుపెట్టారు. అది ఎక్కుతూ ఎక్కుతూనే మధ్యలో ఆరిపోయింది. కాసేపు ఆగి మళ్ళీ ఎక్కించారు.

"ఇంకా పూర్తిగా కట్టని ఇంట్లోకి దొంగ ఎలా వస్తాడే? వైరస్ కాదు," అంది ఈ పిల్ల.

సుజాత చార్జరు పెట్టి చూశారు. అదే తంతు. మెయిన్ రోడ్డు మీద రిపేరు షాపుకి తీసుకెళ్తే, అతను వేసి చూసి, ఫ్యాన్ సౌండు వస్తోంది కాబట్టి ఫ్యాన్ బాగానే ఉంది, మదర్‌బోర్డు పోయుంటుంది, వదిలేసి వెళ్ళండి, వచ్చే వారం చెబుతానన్నాడట. శుక్రవారం ముందరే ఉంది, వచ్చే వారం దేనికి? తిరిగి తెచ్చేసుకుంది.

బుధవారం మధ్యాహ్నం అన్నానికి దిగలేదు. కంచంలో పెట్టుకుని నేనే పైకి వెళ్ళాను. మంచం మీద కూర్చుని అల్లుతోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. లాప్‌టాప్ పక్కనే పరుపు మీద గుర్రుమంటోంది.

"ఏడ్చావా?"

"ఆయ్, కొంచెం అండి."

"నాన్నగారికి ఫోను చేసి చెప్పరాదూ?"

"ఆయన రొయ్యల చెరువు దగ్గరుంటారండి. ఇది చెబితే అన్నీ వదిలేసి బస్సెక్కేస్తారు. వచ్చి ఏం చేస్తారండి, దీని పక్కన కూర్చుని ఆయన కూడా ఏడవాలి." ఆ మాటకి దానికే నవ్వొచ్చింది.

"అది ఎప్పుడు అలిగింది? నువ్వేగా అడగాలంటావు," అన్నాను. దాని మాటే దానికి అప్పజెప్పాను, అంతకన్నా నాకేం తెలుసు.

చేతిలో సూది ఆపింది. "పొద్దున్నే మొదటిసారి వేస్తే కాస్త ఎక్కువసేపు ఉంటోందండి. ఆరిపోయాక వెంటనే వేస్తే తొందరగా ఆరిపోతోంది. కాసేపు వదిలేసి వేస్తే మళ్ళీ ఎక్కువసేపు. ఊరికే టైపు చేసుకుంటే ఏం కావట్లేదు. లెక్క మొదలెడితేనే." అడుగున చెయ్యి పెట్టి చూసి వెనక్కి లాక్కుంది. "కాలుతోందండి."

"వేడి చేసిందేమో."

"ఆయ్. కానీ ఫ్యాన్ తిరుగుతోంది కదండీ, మోత వినబడుతోంది..."

అని ఆగిపోయింది. దాని చూపు వెంట నేనూ చూశాను. ఒళ్ళోంచి జారిన దారం కొస ఒకటి లాప్‌టాప్ అంచున, చీలికలు ఉండే చోట వేలాడుతోంది. కదలడం లేదు. గోడకి కొట్టిన మేకుకి వేలాడినట్టు నిటారుగా ఉంది.

"మొదట్లో ఇక్కడ కూర్చుంటే దారం ఎగిరి మొహం మీద పడేదండి. విసుగొచ్చి ఉండని ఇటు మార్చుకున్నాను." దారాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చీలికల పొడవునా నెమ్మదిగా జరిపింది. ఎక్కడా ఊగలేదు. అప్పుడు నా వైపు తిరిగింది.

"మోత ఉందండి పిన్నిగారూ. గాలి లేదు."

ఆ వెంటనే లాప్‌టాప్ ఆరిపోయింది. ఈసారి ఏడవలేదు. కంచం తీసుకుని అన్నం తింది.

గురువారం పొద్దున్నే పిల్లలు కాలేజీకి వెళ్ళాక మా భోజనాల బల్ల మీద తెల్ల దుప్పటి పరిపించింది. లేసు విప్పేసింది. చార్జరు పీకేసింది. వెనక బ్యాటరీ ఊడదీసింది. లోపల మిగిలిన కరెంటు కూడా పోవాలని ఆన్ బొత్తాం కాసేపు నొక్కి పట్టుకుంది. కిటికీ ఊచని ముట్టుకుంది. ఒంట్లో ఉండే కరెంటు చిటుక్కుమని దూకితే లోపలి ముక్కలు చచ్చిపోతాయట, ఇనుముని ముట్టుకుంటే అది దిగిపోతుందట.

"మరలు కలిసిపోతే కష్టం పిన్నిగారూ. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే లోపల బోర్డుకి గుచ్చుకుంటుంది. విడివిడిగా పెట్టడానికి ఏమైనా ఉందాండి?"

ఇడ్లీ ప్లేటు తెచ్చిచ్చాను. ఏ మూల మర ఆ మూల గుంటలో. చూసి అది ఎంత మురిసిపోయిందంటే, నేనేదో పెద్ద యంత్రం కనిపెట్టినట్టు.

అడుగు మూత ఊడింది. లోపల చూపిస్తూ చెప్పింది. మధ్యలో ఉన్న చిన్న ముక్క లెక్కలు కడుతుంది, లెక్క బరువైన కొద్దీ వేడెక్కుతుంది. దాని మీంచి రాగి గొట్టం ఒకటి ఆ వేడిని మోసుకుని అంచు దాకా వస్తుంది. అంచున సన్నటి రేకులు, దువ్వెన పళ్ళలా. ఫ్యాన్ అడుగు నుంచి గాలి పీల్చి, ఆ పళ్ళ సందుల్లోంచి బయటికి తోస్తుంది. వేడి పెరిగిన కొద్దీ ఫ్యాన్‌ని ఇంకా జోరుగా తిరగమంటుంది, అందుకే ఆ మోత. అయినా వేడి హద్దు దాటితే, ఆ ముక్క కాలిపోకుండా యంత్రం తనంతట తానే ఆపేసుకుంటుంది.

"నా మిక్సీ బొత్తాంలాగా," అన్నాను.

"ఆయ్. అది అలగలేదండి. బతకడానికి ఆగింది."

ఫ్యాన్ కింద సన్నటి వైరు ఒకటి ఉంది. దాన్ని గోళ్ళతో మెల్లిగా లాగి, మరలు విప్పి, ఫ్యాన్‌ని ఎత్తింది. రాగి గొట్టం జోలికి మాత్రం వెళ్ళలేదు. దాన్ని కదిపితే కింద పూసిన పేస్టు విడిపోతుంది, మళ్ళీ కొత్తది రాయాలట.

ఫ్యాన్ లేచాక ఇద్దరం వంగి చూశాం. దువ్వెన పళ్ళు ఒక్కటి కూడా కనబడటం లేదు. ఫ్యాన్‌కీ పళ్ళకీ మధ్య ఒక చిన్న దుప్పటి. దుప్పటి అంటే దుప్పటే, ఒత్తుగా, మెత్తగా, బూడిద రంగులో. అందులో తెల్ల దారం నూగు, పరుపులోంచి వచ్చిన బూరుగు దూది, జడ వెంట్రుకలు, వాటన్నిటినీ జిగటగా పట్టి ఉంచిన మసి. రోజూ సాయంత్రం నేను గదిగదికీ వేసే సాంబ్రాణి పొగకి అందులో వాటా ఉందట.

ఆ పిల్ల వేలితో దాన్ని ఒకసారి నొక్కి చూసింది.

"దుమ్ము పడకూడదని పైన అల్లాను. ఇది కూర్చుని లోపల అల్లుకుంది," అంది.

ఇక నవ్వు ఆగలేదు మా ఇద్దరికీ. మా వారు పేపరు వదిలి ఏమైందని వచ్చారు. చూసి, "ఇదీ లేసేనా?" అన్నారు.

జడలోంచి కొక్కెం సూది తీసింది. దాంతో ఆ దుప్పటి అంచుని పట్టి, రేకులు వంగకుండా, పీలికలా మొత్తం ఒకేసారి లాగింది. బయటనుంచి ఎంత ఊదినా అది వచ్చేది కాదట. లోపలి వైపు అంటుకుని ఉంది కాబట్టి ఇంకా లోపలికే పోతుంది. మిగిలిన నూగుకి నేను పొయ్యి ఊదినట్టు ఊదబోయాను.

"ఆగండి పిన్నిగారూ. నోటి గాలికి తడి ఉంటుంది."

మా వారి సైకిలు పంపు తెచ్చాం. ఫ్యాన్ రెక్కలకి గాలి కొట్టేటప్పుడు వాటిని వేలితో పట్టుకోమంది. వదిలేస్తే పంపు గాలికి మితిమీరి తిరిగి ఇరుసు అరిగిపోతుందట. నేను పట్టుకున్నాను, మా వారు కొట్టారు, అది మెత్తటి రంగుల బ్రష్షుతో దులిపింది. ముగ్గురికీ తుమ్ములే తుమ్ములు. చివరికి లాప్‌టాప్‌ని వెలుతురుకి ఎత్తి చూస్తే ఆ దువ్వెన పళ్ళ సందుల్లోంచి కిటికీ కనిపించింది.

వైరు పెట్టి, మరలన్నీ ఇడ్లీ ప్లేటులోంచి ఎక్కడివక్కడ బిగించి, బ్యాటరీ పెట్టి ఆన్ చేసింది. మోత లేదు. నాకు భయమేసింది, ఫ్యాన్ అసలు తిరగడం మానేసిందేమోనని. అది దారం కొస తీసి చీలికల ముందు పట్టుకుంది. దారం ఎగిరి అడ్డంగా నిలబడింది.

లాప్‌టాప్‌ని మళ్ళీ పరుపెక్కించలేదు. బల్ల మీదే, రెండు వైపులా రెండు చపాతీ పీటలు పెట్టి, అడుగున గాలి ఆడేట్టు వాటి మీద ఆనించింది. లేసు మళ్ళీ తొడగలేదు. లెక్క మొదలుపెట్టింది.

ఇక ఆ రోజు మా ఇంట్లో మధ్యాహ్నం భోజనాలు నేల మీదే. మాటలు గుసగుసలు. తెర మీద, లెక్క ఎంత దాకా వచ్చిందో చూపించే నీలం గీత ఒకటి పాకుతోంది. ఎప్పుడూ సగంలోపే ఆరిపోయేది. గీత సగానికి వస్తుంటే ఆ పిల్ల దానికి వీపు పెట్టి కూర్చుని అల్లడం మొదలుపెట్టింది. అల్లిందే విప్పి మళ్ళీ అల్లుతోంది. గీత సగం దాటింది. చెబుదామని నోరు తెరిస్తే మా వారు సైగ చేశారు, వద్దని. ఇంకాస్త పాకాక ఆయనే అన్నారు, "అమ్మాయ్, వెనక్కి తిరిగితే తిరగొచ్చు."

ఫ్యాన్ మోత పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. పక్కన చెయ్యి పెడితే వేడిగాలి కొడుతోంది. వేడి బయటికి వస్తోందంటే లోపల నిలవట్లేదని అర్థం, రావాలండి, రావాలి అంది ఆ పిల్ల. అప్పటినుంచే నా అరచెయ్యి అక్కడికి పోవడం నేర్చుకుంది.

సుజాత కాలేజీ నుంచి వచ్చి చెప్పులు గుమ్మంలో విప్పేసరికి గీత ఆ చివరికి చేరింది. తెర మీద ఇనప చెయ్యి బొమ్మ వచ్చింది. అంతా నీలంగా, కొంత పచ్చగా, బోల్టు పట్టే బెజ్జం దగ్గర మాత్రం ఎర్రగా, రక్తం చుక్కలా.

"ఎరుపేంటి?" అన్నాను.

"అక్కడ విరుగుతుందండి."

నా ప్రాణం ఉసూరుమంది. ఇంత చేస్తే విరిగిపోవడమా. సుజాత కూడా, "అయితే డిజైను తప్పా? సారు ఏమంటారే?" అంది.

ఆ పిల్ల మొహం మాత్రం వెలిగిపోతోంది. "మా చెరువులో రెక్క చెయ్యి విరిగినప్పుడల్లా సరిగ్గా ఇక్కడే విరుగుతుంది. నేను గీసింది ఆ పాత చెయ్యే. విరగదని వచ్చుంటే నా లెక్క అబద్ధం. విరుగుతుందంది, అదీ ఇక్కడే." వేలితో ఆ ఎరుపుని ముట్టుకుంది. "ఇప్పుడు ఈ బెజ్జం కిందికి జరిపి ఇంకోసారి వేస్తాను."

జరిపి మళ్ళీ వేసింది. అది కూడా ఆరకుండా నడిచింది. పొద్దున్న లేచి చూస్తే ఎరుపు లేదు, లేత పసుపు.

శుక్రవారం ప్రింట్లు తీయించుకుని, బైండు చేయించుకుని, ఆటో ఎక్కి వెళ్ళింది. సాయంత్రం వెలుగు ఉండగానే తిరిగొచ్చింది. సారు ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశారట. విరిగేది అక్కడే అని నీకెలా తెలుసని అడిగారట. మా చెరువండి అందట. సంతకం పెట్టారు.

చెప్పులు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుని వాళ్ళ నాన్నగారికి ఫోను కలిపింది. ఆ ఫోన్లో అవతలి గొంతు వీధిలోకి వినబడేది.

"నాన్నగారూ, చెయ్యి విరిగితే ఈసారి అక్కడ వెల్డింగు పెట్టించకండి. బెజ్జం రెండు వేళ్ళు కిందికి జరిపించండి. కాయితం మీద గీసి పంపుతాను."

"అలాగేనమ్మా."

"అక్కడే బలహీనం నాన్నగారూ. లెక్కలో తేలింది. సంతకం కూడా అయిపోయింది."

"సరేనమ్మా. అన్నం తిన్నావా?"

అది ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి నాకేసి చూసింది. "తిన్నానని చెప్పండి పిన్నిగారూ. లేకపోతే వదలరు."

ఫోను నా చేతికిచ్చేసింది. పొద్దున్నించి మంచినీళ్ళు తప్ప ఏం ముట్టలేదని నాకు తెలుసు. ఆయన ఎవరో తెలియదు, ఎప్పుడూ మాట్లాడలేదు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"లేదండి అన్నయ్యగారూ," అన్నాను. "ఇప్పుడే కూర్చోబెడుతున్నాను. మీరు కూడా తినేయండి."